గొంతుక్కూర్చోవడం: అడ్డుపడుతున్న కీలు ఏదో ముందు కనిపెట్టండి

గొంతుక్కూర్చోమంటే కుదరనివాళ్లు సాధారణంగా రెండు రకాలుగా తప్పుతారు. కొందరు మడమలు పైకి లేపి మునివేళ్ల మీద నిలుస్తారు. అరనిమిషానికే తొడలు మండిపోయి లేచేస్తారు. ఇంకొందరు మడమలు నేలకు ఆనించి కిందికి దిగుతారు గానీ చివరి జానెడు దూరంలో వెనక్కి పడిపోతారు. ఇద్దరూ చెప్పే కారణం ఒకటే, "మోకాళ్లు పట్టేశాయండీ" అని. నిజానికి వీళ్లలో చాలామందికి మోకాళ్లు బాగానే వంగుతాయి. పట్టేసింది చీలమండ. మోకాలి మీద నింద వేసి దానికే నూనె మర్దనలు చేసుకుంటూ కూర్చుంటే ఏళ్లు గడిచినా ఆ చివరి జానెడు తగ్గదు.

అందుకే ఈ మార్గదర్శిలో వ్యాయామాల కన్నా ముందు పరీక్షలు పెట్టాం. చీలమండ, మోకాలు, తుంటి, ఈ మూడింటిలో మిమ్మల్ని ఆపుతున్నది ఏదో పది నిమిషాల్లో ఇంట్లోనే తెలుసుకోవచ్చు. అది తెలిశాక చేయాల్సిన పని తక్కువే.

ఇక్కడ గొంతుక్కూర్చోవడం అంటే విశ్రాంతిగా కూర్చునే భంగిమ. పాదాలు పూర్తిగా నేల మీద ఉంటాయి, పిరుదులు మడమల దగ్గరికి దిగుతాయి, పిక్కల మీద తొడల వెనుక భాగం వాలి ఉంటుంది. పాలు పితికేవాళ్లు, వేరుశనగ కాయలు కోసేవాళ్లు, బస్సు కోసం రోడ్డు పక్కన ఎదురుచూసే పెద్దవాళ్లు, నేలమట్టపు మరుగుదొడ్డి వాడేవాళ్లు కూర్చునే తీరు ఇదే. జిమ్‌లో బరువు మోస్తూ తొడలు నేలకు సమాంతరంగా వచ్చేదాకా దిగి లేచేది వేరు. అక్కడ కండరాలు పట్టి ఉంచుతాయి. ఇక్కడ తొడ పిక్క మీద ఆనగానే బరువులో కొంత ఆ ఆనిక మీదకు పోతుంది, తొడ ముందు కండరానికి ఊపిరి అందుతుంది. ఆ ఆనిక దొరక్కపోతే అది విశ్రాంతి కాదు, శ్రమే.

మూట ఎందుకు వెనక్కి ఒరుగుతుంది

అడుగుదాకా దిగిన మనిషిని పక్కనుంచి చూడండి. మొండెం, తొడ, కింది కాలు మూడూ ముడుచుకుని ఒక మూటలా ఉంటాయి. ఆ మూట మొత్తం నిలబడింది రెండు చీలమండల మీద. నిలకడగా ఉండాలంటే శరీర బరువు పడే గీత మడమకూ మునివేళ్లకూ మధ్యలో, అంటే ఇరవై, ఇరవై అయిదు సెంటీమీటర్ల పాదం లోపలే ఉండాలి. పిరుదులు పాదాల వెనక వేలాడుతున్నాయి కాబట్టి దానికి సరితూగేలా మోకాళ్లు, ఛాతీ ముందుకు రావాలి. మోకాలు ముందుకు రావాలంటే కింది కాలు పాదం మీదకు వాలాలి. ఆ వాలు చీలమండలో జరుగుతుంది.

మడమలు ఆనించి కూర్చునేవాళ్లను కొలిస్తే చీలమండ దగ్గర ఆ వాలు సుమారు 35 నుంచి 40 డిగ్రీలు ఉంటుంది. మోకాలు 150 డిగ్రీలు దాటి మడుస్తుంది. తుంటి నడుము కొంచెం గుండ్రంగా వంగడంతో కలిపి వంద డిగ్రీల పైచిలుకు మడుస్తుంది. నడవడానికి చీలమండలో పది పన్నెండు డిగ్రీలు చాలు, మెట్లు దిగడానికి ఇరవై చిల్లర. అందుకే చీలమండ సగానికి సగం బిగుసుకుపోయినా రోజువారీ నడకలో ఆ సంగతి తెలియదు. గొంతుక్కూర్చోబోయినప్పుడే బయటపడుతుంది.

ఇప్పుడు చీలమండ 35కి బదులు 15 డిగ్రీలే వాలిందనుకోండి. మోకాలు, తుంటి మునుపటంతే మడిచినా మూట మొత్తం 20 డిగ్రీలు వెనక్కి తిరిగిపోతుంది. ఛాతీ ముందుకు వాలాల్సింది నిటారుగానో ఇంకా వెనక్కో పోతుంది. బరువు గీత మడమ దాటగానే మనిషి పడిపోతాడు. పడకుండా ఉండటానికి శరీరం మడమ లేపుతుంది. మునివేళ్ల మీద కూర్చోవడం అనేది కాబట్టి బలహీనత కాదు, తక్కువపడ్డ ఆ 20 డిగ్రీలను పాదంలోంచి అప్పు తెచ్చుకోవడం.

దీన్ని కళ్లారా చూసుకోవచ్చు. మడమలు ఆనించి దిగలేనివాళ్లు కిటికీ ఊచనో తలుపు చట్రాన్నో పట్టుకుని దిగండి. హాయిగా అడుగుదాకా వెళ్లిపోతే, మోకాలూ తుంటీ అడ్డం కావన్నమాట. లేదంటే రెండు లీటర్ల నీళ్ల సీసాను చేతులు చాచి ముందుకు పట్టుకుని దిగండి. 60 కిలోల మనిషికి ఆ సీసా ఒక్కటే బరువు గీతను దాదాపు రెండు సెంటీమీటర్లు ముందుకు జరుపుతుంది, చాచిన చేతులు ఇంకాస్త జరుపుతాయి. కొందరికి ఆ కాస్తే చాలు.

ఇంకో గుర్తు కూడా ఉంది. కూర్చున్నాక కింది కాలి ముందు భాగంలో, ఎముక పక్కనుండే కండరం లాగేస్తూ మండుతుంటే, మీరు వెనక్కి పడకుండా పాదాన్ని పైకి లాగి పట్టుకుంటున్నారని అర్థం. అది కూడా చీలమండ బిగువే. చీలమండ సరిపోయినవాళ్లకు ఆ కండరం మెత్తగా ఉంటుంది. కూర్చున్నప్పుడు చేత్తో నొక్కి చూస్తే తెలిసిపోతుంది.

మూడు పరీక్షలు

వదులు పైజామానో లుంగీనో కట్టుకుని చేయండి. బిగుతు జీన్స్ మోకాలి వెనక మడత దగ్గరా తొడ మొదట్లోనూ గుడ్డ గుట్టలా పోగై ఆపేస్తుంది. అది చూసి కీలు ఆగిందనుకుంటారు. చెప్పులు తీసేయండి.

మొదటిది పడుకుని చేసే పరీక్ష. వెల్లకిలా పడుకుని రెండు మోకాళ్లనూ ఛాతీ వైపుకు తెచ్చి, కింది కాళ్లను చేతులతో పట్టుకుని దగ్గరికి లాక్కోండి. ఇది గొంతుక్కూర్చునే భంగిమే, వెన్ను మీదకు తిప్పామంతే. ఇందులో చీలమండకూ నిలకడకూ పని లేదు, తుంటి, మోకాలు మాత్రమే పరీక్షకు వస్తాయి. తొడలు పొట్టకు తగులుతూ, మడమలకూ పిరుదులకూ మధ్య ఒక పిడికిలి కన్నా ఎక్కువ ఖాళీ లేకపోతే ఆ రెండు కీళ్లూ సరిపోయినట్టే. తొడ పొట్ట వైపు రాకముందే గజ్జల్లో ముందువైపు చిటుక్కుమని నొక్కితే తుంటి సంగతి చూడాలి. మడమ పిరుదుకు జానెడు దూరంలోనే ఆగి, మోకాటి చిప్ప పైన లాగినా, మోకాలి వెనక ఏదో నిండుగా ఇరుక్కున్నట్టున్నా మోకాలి సంగతి చూడాలి. పెద్ద పొట్ట ఉన్నవాళ్లకు తొడ పొట్టకే తగిలి ఆగుతుంది. అది తుంటి బిగువు కాదు. మోకాళ్లను కొంచెం ఎడంగా లాగితే ఇంకా దగ్గరికి వస్తుంది, కూర్చునేటప్పుడు కూడా కాళ్లు అంతే ఎడంగా పెట్టుకోవాలి.

రెండోది గోడ పరీక్ష. గోడకు ఎదురుగా ఒక కాలు ముందుంచి, బొటనవేలు గోడకు కాస్త ఎడంగా పెట్టండి. మడమ ఏమాత్రం లేవకుండా మోకాలిని ముందుకు వంచి గోడకు తాకించండి. తాకితే పాదాన్ని ఒక సెంటీమీటరు వెనక్కి జరిపి మళ్లీ చేయండి. మడమ నేలను వదలకుండా మోకాలు గోడను తాకగలిగిన చివరి దూరం, అంటే బొటనవేలి నుంచి గోడకున్న దూరం, మీ కొలత. స్కేలుతో కొలిచి రాసుకోండి. మోకాలు రెండో వేలి మీదుగా నేరుగా వెళ్లాలి. అది లోపలికి ఒరిగితే అరికాలి వంపు కుంగిపోయి దొంగ సెంటీమీటర్లు కలుస్తాయి. మడమ లేచిందో లేదో తెలియడానికి ఒక కాగితం మడమ కింద పెట్టి, ఇంకొకరిని లాగమనండి. కాగితం జారి వచ్చేస్తే లేచినట్టే.

ఈ కొలతలో ఒక్కో సెంటీమీటరు దాదాపు మూడున్నర డిగ్రీలకు సమానం. పది పన్నెండు సెంటీమీటర్లు వస్తే మడమలు ఆనించి కూర్చోవడానికి చీలమండ సిద్ధంగా ఉంది. ఆరేడు వస్తే ఏదైనా పట్టుకుని కూర్చోగలరు. అయిదు, అంతకన్నా తక్కువైతే మడమ కింద ఎత్తు లేకుండా కుదరదు. రెండు కాళ్లూ కొలవండి. రెండింటి మధ్య రెండు సెంటీమీటర్ల తేడా ఉంటే, ఎప్పుడో బెణికి మరిచిపోయిన కాలు అదే అయ్యుంటుంది.

కొలుస్తున్నప్పుడే ఇంకో విషయం గమనించండి. చివరికి వచ్చేసరికి ఎక్కడ ఆగుతోంది? పిక్క కింది భాగంలో, మడమ నరానికి పైన సాగుతున్నట్టు లాగితే కండరం అడ్డం. పాదం పైభాగంలో, చీలమండ ముందు, తలుపు సందులో వేలు పడ్డట్టు నొక్కితే కీలు అడ్డం. మొదటిది వారాలతో వదులవుతుంది. రెండోది సాగదీసే కొద్దీ ఇంకా నొక్కుతుంది, దాన్ని బలవంతం చేయకూడదు.

మూడోది పలక పరీక్ష. గోధుమపిండి రుద్దే చెక్క పలకో, రెండు మందపాటి పుస్తకాలో మడమల కింద పెట్టుకుని దిగండి. మడమ నుంచి వేళ్ల మొదళ్ల దాకా పాదం సుమారు 18 సెంటీమీటర్లు ఉంటుంది కాబట్టి మడమ కింద మూడు సెంటీమీటర్ల ఎత్తు పెడితే దాదాపు పది డిగ్రీలు, అయిదు పెడితే పదహారు దాకా చీలమండకు అప్పు దొరుకుతుంది. ఎత్తు పెట్టగానే సుఖంగా కూర్చోగలిగితే లోపం చీలమండదేనని తేలిపోయింది. ఎత్తు పెట్టినా, ఊచ పట్టుకున్నా దిగలేకపోతే మొదటి పరీక్షకు తిరిగి వెళ్లి తుంటినీ మోకాలినీ చూడండి.

చీలమండ మీద పని

పిక్కలో రెండు కండరాలున్నాయి. పైకి ఉబ్బి కనిపించేది మోకాలిని కూడా దాటి తొడ ఎముకకు అతుక్కుని ఉంటుంది. దాని కింద, వెడల్పుగా ఉండే సోలియస్ అనే కండరం మోకాలిని దాటదు. గొంతుక్కూర్చున్నప్పుడు మోకాలు పూర్తిగా మడిచి ఉంటుంది కాబట్టి పైకండరం వదులైపోతుంది, లాగేది సోలియస్ ఒక్కటే. గోడకు చేతులానించి, వెనక కాలు నిటారుగా పెట్టి చేసే మామూలు సాగదీత పైకండరానిది. అది ఏళ్ల తరబడి చేసినా గొంతుక్కూర్చోవడానికి పెద్దగా ఉపయోగపడకపోవడానికి కారణం ఇదే. మోకాలు వంచి సాగదీయాలి.

గోడ పరీక్ష భంగిమనే వ్యాయామంగా వాడండి. మీ కొలత కన్నా ఒక సెంటీమీటరు దగ్గరగా పాదం పెట్టి, మడమ ఆనించి, మోకాలిని గోడ వైపు నెమ్మదిగా ఊపుతూ ఒక్కో కాలికి 15 సార్లు. తర్వాత అదే భంగిమలో మోకాలిని ముందుకు ఉంచేసి 45 సెకన్లు ఆపండి, మూడు సార్లు. లాగు మడమ పైన తెలియాలి. మోకాలి వెనక తెలుస్తుంటే కాలు ఎక్కువ నిటారుగా ఉందని అర్థం, ఇంకా వంచండి.

దీనికి తోడు మెట్టు మీద ఇంకొకటి. మెట్టు అంచు మీద పాదం ముందు సగం మాత్రం పెట్టి, పక్కనున్న కమ్మీ పట్టుకుని, మోకాలు కొద్దిగా వంచి ఉంచి, మడమను మూడు సెకన్లు తీసుకుంటూ మెట్టు కన్నా కిందికి దించండి. అక్కడ రెండు సెకన్లు ఆగి పైకి రండి. పదేసి చొప్పున మూడు విడతలు, వారంలో మూడు నాలుగు రోజులు. సాగదీస్తూనే బరువు మోయించడం వల్ల కండరం కొత్త పొడవులో బలంగా ఉండటం నేర్చుకుంటుంది. సాగదీసి ఊరుకుంటే వచ్చిన వదులు సాయంత్రానికి సగం పోతుంది.

రోజూ చేస్తే అయిదారు వారాల్లో చీలమండకు సాధారణంగా నాలుగైదు డిగ్రీలు, అంటే గోడ కొలతలో ఒకటి, ఒకటిన్నర సెంటీమీటర్లు పెరుగుతాయి. ఇంతకన్నా వేగంగా పెరిగితే ముందు మోకాలు లోపలికి ఒరుగుతోందేమో చూసుకోండి.

చీలమండ ముందు నొక్కే రకానికి ఈ లెక్క వర్తించదు. పాత ఎముక విరుపో, పదేపదే బెణుకులో ఉన్నవాళ్లకు ఎముక ముందు అంచులో చిన్న బుడిపె పెరిగి ఉండొచ్చు. కింది కాలి ఎముక అంచు పాదం ఎముక మెడను ఢీకొని ఆగుతుంది. వీళ్లకు మడమ కింద ఎత్తు పెట్టుకోవడమే సరైన దారి, అందులో చిన్నతనమేమీ లేదు.

ఎముకలు ఆ చోట తాకడం దానంతట అది జబ్బు కాదనే సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. లాహోర్ మెడికల్ కాలేజీలో శరీర నిర్మాణశాస్త్రం బోధించిన హేవ్‌లాక్ చార్లెస్ 1893లో పంజాబీల కాలి ఎముకల మీద రాసిన వ్యాసంలో, కింది కాలి ఎముక ముందంచు మీదా దానికి ఎదురుగా పాదం ఎముక మెడ మీదా నున్నటి చిన్న తలాలు ఉన్నాయని వర్ణించాడు. జీవితమంతా గొంతుక్కూర్చున్న చీలమండలో ఆ రెండు ఎముకలు రోజూ తాకి తాకి ఏర్పరచుకున్న ఆనిక అది. పురావస్తు తవ్వకాల్లో దొరికిన అస్థిపంజరాల్లో ఆ తలాలు కనిపిస్తే, ఆ మనుషులు గొంతుక్కూర్చునేవాళ్లని ఇప్పటికీ దాన్నిబట్టే ఊహిస్తారు.

మోకాలు

మోకాలు మామూలు తలుపు మడతబందు కాదు. 120 డిగ్రీలు దాటాక కింది ఎముక తొడ ఎముకకు లోపలివైపుగా కొంచెం తిరుగుతుంది, బయటి పక్క తొడ ఎముక గుండు వెనక్కి జారుతుంది. ఆ తిరుగుడుకు చోటివ్వాలంటే మోకాలు ఎప్పుడూ పాదం చూసిన దిక్కునే చూడాలి. పాదాలు బయటికి చూస్తుండగా మోకాళ్లు లోపలికి కలుసుకుంటే ఆ నులిమిడి అంతా మోకాలి లోపలి పక్క మీదా మెత్తటి ఎముక చక్రాల మీదా పడుతుంది. లోపలివైపు పొడిచినట్టు నొప్పి రావడానికి ఎక్కువగా ఇదే కారణం. పాదాలను బయటికి తిప్పితే మోకాళ్లను కూడా అంతే బయటికి నెట్టండి.

మొదటి పరీక్షలో మోకాలి పైన లాగినవాళ్లకు తొడ ముందు కండరం పొట్టిబడి ఉంది. బోర్లా పడుకుని, చీలమండను చేత్తో పట్టుకునో తువ్వాలుతో చుట్టి లాగో, మడమను పిరుదు వైపు తీసుకురండి. 45 సెకన్ల చొప్పున మూడు సార్లు. నడుము లేచిపోతుంటే పొట్ట కింద దిండు పెట్టుకోండి. తర్వాత వజ్రాసనంలో మెట్టుమెట్టుగా దిగండి. పిక్కకూ తొడకూ మధ్య మందపాటి దిండు పెట్టుకుని దాని మీద నిమిషం సేపు కూర్చోండి. అది ఇబ్బంది లేనప్పుడు దిండు బదులు మడిచిన దుప్పటి, ఆ తర్వాత తువ్వాలు. మందం తగ్గిన కొద్దీ మోకాలు మడిచే కోణం పెరుగుతుంది.

మోకాలి వెనక నిండుగా, ఉబ్బినట్టు ఉండి మడవనీయకపోతే సాగదీయకండి. అక్కడ నీరు చేరి ఉండొచ్చు, వెనక తిత్తి ఏర్పడి ఉండొచ్చు. ముందు ఎముకల డాక్టరుకు చూపించాలి. మడిచిన మోకాలు ఉన్నట్టుండి బిగిసిపోయి తెరుచుకోకపోయినా, కూర్చుని లేచిన మర్నాడు మోకాలు వాచినా అంతే.

తుంటి

తుంటి గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. ఎందుకంటే పడక పరీక్షలో ఆగిపోయేవాళ్లు తక్కువే, ఆగినా చాలాసార్లు పాదాలు పెట్టే తీరు మారిస్తే సరిపోతుంది. తొడ ఎముక మెడ కోణమూ, గిన్నె లోతూ మనిషి మనిషికీ తేడాగా ఉంటాయి. ఒకరికి పాదాలు జానెడు ఎడంగా, నేరుగా పెడితే సుఖం. ఇంకొకరికి భుజాల కన్నా వెడల్పుగా పెట్టి ముప్పై డిగ్రీలు బయటికి తిప్పితే గానీ గజ్జల్లో నొక్కు పోదు.

మీది ఏదో తెలుసుకోవడానికి మోకాళ్లూ చేతుల మీద నిలబడి, పిరుదులను మడమల వైపు వెనక్కి తోయండి. మోకాళ్లను దగ్గరగా ఒకసారి, ఎడంగా ఒకసారి, ఇంకా ఎడంగా ఒకసారి పెట్టి చూడండి. గజ్జల్లో నొక్కు లేకుండా ఎక్కువ వెనక్కి వెళ్లగలిగిన ఎడమే మీరు కూర్చునేటప్పుడు పాదాలకూ పెట్టుకోవాల్సిన ఎడం. కాళ్లు వెడల్పు చేస్తే చీలమండకు కూడా కొంత పని తగ్గుతుంది. తొడ పక్కకు పోవడంతో పిరుదు అంత వెనక్కి పోనక్కర్లేదు, పొట్టకూ చోటు దొరుకుతుంది.

నడుము కింద గుండ్రంగా వంగుతోందని కంగారు పడకండి. బరువెత్తేటప్పుడు అది తప్పు. ఖాళీ చేతులతో విశ్రాంతిగా కూర్చున్నప్పుడు అది ఈ భంగిమలో సహజమైన భాగం. నడుములో డిస్కు జారి కాలిలోకి నొప్పి దిగుతున్నవాళ్లు మాత్రం దీన్ని మొదలుపెట్టే ముందు డాక్టరును అడగాలి.

ఒక కొలత, పన్నెండు వారాలు

లెక్క ఎలా నడుస్తుందో ఒక ఉదాహరణతో చూద్దాం. నలభై అయిదేళ్ల మనిషి, కుర్చీలో కూర్చుని చేసే ఉద్యోగం, ఇంట్లో పాతికేళ్లుగా కమోడ్. కుడి చీలమండ కాలేజీ రోజుల్లో ఆటలో రెండుసార్లు బెణికింది. పడక పరీక్షలో మడమకూ పిరుదుకూ మధ్య రెండు వేళ్ల ఖాళీ, గజ్జల్లో నొప్పి లేదు. గోడ కొలత ఎడమ ఎనిమిది, కుడి అయిదు సెంటీమీటర్లు. కుడివైపు పిక్కలోనూ లాగుతుంది, చివర్లో ముందువైపు కాస్త నొక్కుతుంది కూడా.

పది సెంటీమీటర్లు కావాలనుకుంటే కుడి కాలికి అయిదు తక్కువ, అంటే పదిహేడు పద్దెనిమిది డిగ్రీలు. ఎడమకు ఏడు. మామూలుగా కూర్చోబోతే ఈ మనిషి కుడి మడమ లేపి, బరువంతా ఎడమ కాలి మీద వేసి, కటి తిప్పుకుని కూర్చుంటాడు. అద్దంలో చూసుకుంటే గానీ తెలియదు. అందుకని రెండు మడమల కిందా ఒకే ఎత్తు, అయిదు సెంటీమీటర్లు పెట్టి మొదలుపెట్టాలి. రెండు కాళ్లకూ సమానంగా ఉంచడమే మంచిది, కటి వాలదు.

మొదటి రెండు వారాలు ఎత్తు మీద, ఎదురుగా కిటికీ ఊచ పట్టుకుని 30 సెకన్ల చొప్పున రోజుకు ఆరు సార్లు. పళ్లు తోముకునేటప్పుడు, పాలు కాగేదాకా, ఫోన్ మాట్లాడుతూ, ఇలా పనుల మధ్యలో. మూడో వారం నుంచి ఒక్కోసారి నిమిషం, ఊచను వేళ్లతో ఊరికే తాకుతూ. పైన చెప్పిన సోలియస్ పని రోజూ, మెట్టు పని రోజు విడిచి రోజు. ఆరో వారానికి కొలతలు ఎడమ తొమ్మిదిన్నర, కుడి ఆరున్నర అయ్యాయనుకుందాం. ఎత్తును మూడున్నర సెంటీమీటర్లకు తగ్గించవచ్చు. పన్నెండో వారానికి ఎడమ పది దాటింది, కుడి ఏడున్నర దగ్గర ఆగింది, ఇక పిక్కలో లాగడం లేదు, ముందువైపు నొక్కడమే మిగిలింది. కండరం తన వంతు ఇచ్చేసింది, ఇప్పుడు ఆపుతున్నది ఎముక. అక్కడ సాగదీయడం ఆపి, రెండున్నర సెంటీమీటర్ల చెక్క పలకను శాశ్వతంగా ఉంచుకోవాలి. ఆ పలక మీద ఈ మనిషి అయిదేసి నిమిషాలు హాయిగా కూర్చోగలడు. లక్ష్యం అదే. పలక తీసేయడం లక్ష్యం కాదు.

దిగేటప్పుడు, లేచేటప్పుడు

పాదాలు మీ ఎడంలో పెట్టి, మోకాళ్లను వేళ్ల వైపే ముందుకు పంపుతూ దిగండి. చాలామంది కుర్చీలో కూర్చున్నట్టు పిరుదులను ముందుగా వెనక్కి తోస్తారు. కుర్చీ ఉంటే అది సరే, లేకపోతే వెనక్కి పడటానికి అదే మొదటి మెట్టు. ఒక్కసారిగా కూలబడకండి. చివర్లో తొడ పిక్క మీద పడే దెబ్బకు మోకాలు కుదుపు తింటుంది. అడుగుకు చేరాక మోచేతులను మోకాళ్ల లోపలి వైపు ఆనించి, అరికాళ్లలో బరువు ఎక్కడుందో చూసుకోండి. మడమ, బొటనవేలి మొదలు, చిటికెనవేలి మొదలు మూడూ సమానంగా నొక్కాలి. బొటనవేలి మొదలు మాత్రమే నొక్కుతూ అరికాలి వంపు నేలకు అంటుకుపోతే చీలమండ లేని కోణాన్ని పాదంలో దొంగిలిస్తోంది. మడమ కింద ఎత్తు పెంచండి.

లేచేటప్పుడు ముందు ఛాతీని ముందుకు వంచి, బరువు పాదాల మధ్యకు వచ్చాక లేవండి. బీపీ మాత్రలు వాడేవాళ్లు, పెద్దవాళ్లు ఏదైనా పట్టుకుని లేచి, అక్కడే రెండు ఊపిరులు తీసుకుని నడవాలి. ఎక్కువసేపు ముడుచుకుని ఉన్న కాళ్లలోకి రక్తం ఒక్కసారిగా దిగి కళ్లు తిరగొచ్చు.

ఎంతసేపు ఎక్కువ

మోకాలి బయటి పక్క, కాస్త కింద, చేతికి గుండుగా తగిలే ఎముక చుట్టూ ఒక నరం చర్మానికి దగ్గరగా తిరిగి వెళ్తుంది. పాదాన్ని పైకెత్తేది ఆ నరమే. గంటల తరబడి గొంతుక్కూర్చుంటే అది నలుగుతుంది. మొదట పాదం పైభాగం తిమ్మిరెక్కుతుంది, పట్టించుకోకపోతే లేచాక పాదం ఎత్తలేక ముందుభాగం నేలకు రాసుకుంటూ నడవాల్సి వస్తుంది. కూర్చుని కలుపు తీసేవాళ్లలో, వంగి కూర్చుని పండ్లు కోసే కూలీల్లో వైద్యులు దీన్ని చూస్తూనే ఉన్నారు. చాలావరకు వారాల్లో తిరిగివస్తుంది గానీ అందరికీ కాదు. తిమ్మిరి మొదలైతే అదే లేవాల్సిన సమయం. అయిదు పది నిమిషాలకోసారి లేచి నాలుగడుగులు వేసేవాళ్లకు ఈ బెడద ఉండదు. రోజంతా కూర్చుని చేసే పని అయితే ఆరంగుళాల పీట వేసుకోవాలి. మోకాలి మడతా, ఆ నరం మీద నొక్కుడూ రెండూ తగ్గుతాయి.

ఏళ్ల తరబడి రోజుకు గంటలకొద్దీ గొంతుక్కూర్చున్నవాళ్లలో మోకాలి కీలు అరుగుదల ఎక్కువగా కనిపిస్తుందన్నది కూడా నిజం. రోజు మొత్తం మీద విడతలుగా పది, పదిహేను నిమిషాలు కూర్చోవడం వేరు, పొలంలో ఆరు గంటలు వేరు. ఇప్పటికే మోకాలు అరిగి నొప్పి ఉన్నవాళ్లు, మోకాలు లేదా తుంటి మార్పిడి చేయించుకున్నవాళ్లు, మోకాలి చక్రానికి ఈ మధ్యే కుట్లు పడ్డవాళ్లు ఈ పని తమంతట తాము మొదలుపెట్టకూడదు. మార్చిన కీలు రకాన్ని బట్టి ఎంతవరకు మడవొచ్చో ఆపరేషన్ చేసిన డాక్టరే చెప్పాలి. చాలామందికి ఆయన చెప్పేది కుర్చీ, కమోడ్ వాడమనే.

మిగతావాళ్లు ఈ రోజు గోడ కొలత తీసి, తేదీ వేసి, గోడ పక్కనే పెన్సిలుతో గీత గీసుకోండి. మూడు వారాలకోసారి అదే చోట, అదే వేళకు కొలవండి. పొద్దున లేవగానే కొలిస్తే సాయంత్రం కన్నా తక్కువ వస్తుంది కాబట్టి వేళ మారితే లెక్క తప్పుతుంది.